గడువు 30 రోజుల నుంచి 45 రోజులకు: హోల్‌సేలర్‌కి రాసే ఉత్తరాన్ని తిరగరాసుకోవడం ఎలా

బట్టల షాపు నడిపేవాళ్లు హోల్‌సేలర్‌ని గడువు పెంచమని అడిగే ఉత్తరం చాలాసార్లు ఇలా ఉంటుంది:

"అయ్యా, నమస్కారం. మా షాపు సంగతి మీకు తెలిసిందే. ఈ మధ్య వ్యాపారాలు అస్సలు బాగోలేవు. ఆన్‌లైన్ వచ్చాక జనం షాపుకి రావడమే తగ్గిపోయింది. ఖాతా వాళ్లు కూడా డబ్బులు సరిగ్గా ఇవ్వడం లేదు. 30 రోజుల్లో కట్టాలంటే చాలా ఇబ్బందిగా ఉంది. మీరు పెద్ద మనసు చేసుకుని గడువు కొంచెం పెంచాలని కోరుతున్నాం. ఎన్నో ఏళ్లుగా మీ దగ్గరే కొంటున్నాం కాబట్టి కాదనరని ఆశిస్తున్నాం. మీ మేలు మరచిపోము."

ఇందులో అబద్ధం ఒక్కటీ ఉండకపోవచ్చు. అయినా గల్లాపెట్టె దగ్గర కూర్చుని ఇది చదివే హోల్‌సేలర్‌కి అర్థమయ్యేది ఒకటే: ఈ పార్టీ దగ్గర డబ్బు ఇరుక్కునేలా ఉంది. గడువు పెంచడం మాట అటుంచి, వచ్చే లోడుకి సగం అడ్వాన్సు పంపమంటాడు. సరుకు ఎంపికలో కొత్త డిజైన్లు ముందు ఇంకొకరికి చూపిస్తాడు. కష్టం చెప్పుకుంటే జాలి పుడుతుందేమో గానీ అరువు పుట్టదు.

ఈ ఉత్తరాన్నే నమ్మకం కలిగేలా తిరగరాయాలంటే మాటలు మార్చితే చాలదు. కాగితం మీద పెన్ను పెట్టేముందు కొన్ని లెక్కలు వేసుకోవాలి. ఒక ఉదాహరణ పట్టుకుని మొదటి నుంచి చివరి దాకా వెళ్దాం. గుడివాడలో ఒక చీరలు, రెడీమేడ్ షాపు. విజయవాడ వన్‌టౌన్‌లోని ఒక హోల్‌సేల్ కొట్లో నెలకి సుమారు 3 లక్షల సరుకు తీసుకుంటుంది. గడువు బిల్లు తేదీ నుంచి 30 రోజులు. దాన్ని పెంచమని అడగాలి. అంకెలు ఉదాహరణకి వేసుకున్నవి, మీ అంకెలు పెట్టి ఇదే దారిలో నడవండి.

మొదటి పని: ఎన్ని రోజులు అడగాలో లెక్కతో తేల్చుకోవడం

"కొంచెం పెంచండి" అని అడిగితే ఎంత పెంచాలో మీకే తెలియదన్నమాట. "60 రోజులు ఇవ్వండి, ఎలాగూ తగ్గిస్తారు" అనుకుని అడిగినా అంతే. సరుకు కొట్లోకి వచ్చాక డబ్బుగా మారడానికి సగటున ఎన్ని రోజులు పడుతోందో అదే మీరు చెప్పాల్సిన అంకె.

దానికి రెండు సంఖ్యలు చాలు. ఒకటి, ఈ హోల్‌సేలర్ దగ్గర కొన్న సరుకు మీ కొట్లో సగటున ఎంత నిల్వ ఉంటోంది, అదీ కొన్న ధరలో. అమ్మకం ధరలో వేస్తే లెక్క తప్పుతుంది. రెండు, రోజుకి ఎంత సరుకు, అదే కొన్న ధరలో, అమ్ముడవుతోంది. మన గుడివాడ షాపులో నిల్వ 4 లక్షల 80 వేలు. నెలకి 3 లక్షల సరుకు వెళ్తోంది కాబట్టి రోజుకి 10 వేలు. భాగిస్తే 48 రోజులు. సరుకు 48 రోజులు కొట్లో ఉంటోంది, డబ్బు 30వ రోజే కట్టాలి. మధ్యలో 18 రోజులు, రోజుకి 10 వేల చొప్పున 1 లక్షా 80 వేలు, యజమాని సొంత డబ్బో చేబదులో ఎప్పుడూ అందులో పడి ఉంటోంది. "చాలా ఇబ్బందిగా ఉంది" అన్న మాట వెనక ఉన్న అసలు సంగతి ఇదీ.

నిల్వ లెక్క ఒక్క రోజు చూసి వేయకండి. శ్రావణం ముందు కొట్టు నిండుగా ఉంటుంది, సంక్రాంతి మర్నాడు ఖాళీగా ఉంటుంది. కనీసం నాలుగు నెలాఖరులు తీసుకుని సగటు కట్టండి. రెండేళ్ల నుంచి కదలని పాత సరుకుని ఇందులో కలపొద్దు. అది మీరు ఎంచుకోవడంలో వచ్చిన నష్టం, దాన్ని హోల్‌సేలర్ మోయడు. అలాగే మీరు మీ కొనుగోలుదార్లకి ఇచ్చే ఖాతాని కూడా పక్కన పెట్టండి. పంట డబ్బులు వచ్చాక ఇస్తామని ఆగస్టులో చీరలు తీసుకెళ్లిన ఇళ్లు నవంబర్, డిసెంబర్ దాకా ఇవ్వకపోవచ్చు. నిజమే, కానీ ఆ అరువు మీరు ఇచ్చింది. దాని గురించి ఉత్తరంలో ఒక్క ముక్క రాసినా, మీ బాకీలు వసూలు కాకపోతే తనవీ ఆగిపోతాయని హోల్‌సేలర్ అనుకుంటాడు.

48 రోజులు తేలింది. అడగాల్సింది 45. మిగతా మూడు రోజులు మీ డబ్బుతో సర్దుకోవచ్చు. 45 దగ్గర ఆగడానికి ఇంకో కారణం కూడా ఉంది, అది తర్వాత చెప్తాను.

ఒక చిన్న తనిఖీ. మీ హోల్‌సేలర్ వారంలో కడితే 2 శాతం క్యాష్ డిస్కౌంట్ ఇస్తుంటే, గడువు పెంచమని అడిగేముందు ఆగండి. 7వ రోజు కాకుండా 45వ రోజు కట్టడం కోసం 2 శాతం వదులుకుంటే, ఆ 38 రోజులకి మీరు ఇస్తున్న వడ్డీ ఏడాది లెక్కన 19 శాతం దాటుతుంది. మీకు బ్యాంకులో అంతకంటే తక్కువకి ఓడీ దొరికితే అదే నయం, ఈ ఉత్తరమే అక్కర్లేదు.

రెండో పని: మీ కోరిక ఆయనకి ఎంత ఖర్చో తెలుసుకోవడం

15 రోజులు పెరిగితే, రోజుకి 10 వేల చొప్పున, మీ ఖాతాలో ఆయనకి రావాల్సింది ఎప్పుడూ ఒక లక్షా 50 వేలు అదనంగా నిలిచి ఉంటుంది. ఆయన ఓడీ మీద 12 శాతం వడ్డీ కడుతున్నాడనుకుంటే నెలకి 1,500 రూపాయలు. అంటే మీ 3 లక్షల కొనుగోలు మీద అర శాతం. మీరు అడుగుతున్న "పెద్ద మనసు" ధర అదీ.

ఈ అంకె తెలిస్తే రెండు లాభాలు. ఎంత తిరిగి ఇవ్వాలో తెలుస్తుంది. బేరంలో "సరే, గడువు పెంచుతా గానీ రేటులో 1 శాతం కలుపుతా" అని ఆయన అంటే, 15 రోజులకి 1 శాతం అంటే ఏడాదికి 24 శాతమని మీకు అక్కడికక్కడే తెలుస్తుంది. అర శాతం దాకా ఒప్పుకోవచ్చు. ఆపైన అడిగితే ఓడీయే చవక.

మూడో పని: ఏం ఇవ్వగలరో తేల్చుకోవడం

అందరికీ ముందు తోచేది "కొనుగోలు పెంచుతాం" అని రాయడం. దీన్ని లెక్క వేయకుండా రాస్తే ఎదురు తిరుగుతుంది. నెలకి 3 లక్షల నుంచి మూడున్నర లక్షలకి పెంచుతామని, అంతా 45 రోజుల గడువు మీదేనని రాశారనుకోండి. ఇప్పుడు మీ ఖాతాలో నిలిచే బాకీ 3 లక్షలు. అప్పుడు 5 లక్షల 25 వేలు అవుతుంది. 2 లక్షల 25 వేలు అదనం, నెలకి వడ్డీ 2,250. అదనపు 50 వేల అమ్మకం మీద ఆయనకి 4 శాతం మిగిలిందనుకున్నా వచ్చేది 2,000. అంటే ఎక్కువ కొని కూడా ఆయనకి నష్టం తెచ్చారు. పైగా రిస్క్ పెంచారు. ఆయన కాగితం మీద లెక్క వేయడు, కానీ ఏళ్ల తరబడి గల్లా చూసిన మనిషికి ఈ సంగతి ఒంట్లో ఉంటుంది.

దీన్నే కొంచెం తిప్పి రాయండి. నెలకి 3 లక్షల వరకు 45 రోజుల గడువు, దానిపైన కొన్నదంతా బిల్లు రోజే ఆన్‌లైన్‌లో చెల్లింపు, ఖాతాలో సగటు బాకీ నాలుగున్నర లక్షలు దాటదు. ఇప్పుడు ఆయన ఖర్చు నెలకి 1,500, అదనపు 50 వేల మీద రాబడి 2,000. మీ వైపు కూడా సరిపోతుంది: గడువు పెరగడం వల్ల మీకు వెసులుబాటయ్యే లక్షన్నరలో, ఆ అదనపు సరుకు 48 రోజులు నిల్వ ఉండటానికి పట్టేది 80 వేలే.

బాకీకి మీరే ఒక పరిమితి చెప్పడం ఈ ఉత్తరంలో అన్నిటికంటే బలమైన వాక్యం. ఎక్కువ కావాలని అడిగేవాళ్లను ఆయన రోజూ చూస్తాడు. "ఇంతకు మించి వద్దు" అని ముందే రాసేవాళ్లు అరుదు.

ఇంకోటి మీకు ఖర్చు లేకుండా ఇవ్వగలిగేది ఉంది. ఆయన మీకు బిల్లు వేసిన నెలకి సంబంధించిన జీఎస్టీ, నెలవారీ రిటర్ను వేసేవాళ్లయితే, తర్వాతి నెల 20వ తేదీకల్లా కట్టాలి. తన కొనుగోళ్ల మీద వచ్చే క్రెడిట్ పోగా మిగిలింది జేబులోంచి వెళ్తుంది. మీరు డబ్బు ఇచ్చారా లేదా అన్నది ప్రభుత్వానికి పట్టదు. జులై 25న బిల్లు పడితే 45వ రోజు సెప్టెంబర్ 8, ఆయన అప్పటికే ఆగస్టు 20న పన్ను కట్టేసి ఉంటాడు. అదే జులై 5న బిల్లు పడితే 45వ రోజు ఆగస్టు 19. మీ డబ్బు వచ్చిన మర్నాడు ఆయన పన్ను కడతాడు. అందుకని "మా పెద్ద బిల్లు నెల మొదటి 5 రోజుల్లోనే తీసుకుంటాం" అని రాయండి. గడువు అంతే, బరువు మాత్రం తగ్గింది.

చెక్కుల సంగతి జాగ్రత్త. గడువు తేదీ వేసి, మొత్తం రాసిన చెక్కు బిల్లుతో పాటే ఇవ్వడం నమ్మకాన్ని పెంచుతుంది. ఖాళీ చెక్కు మీద సంతకం చేసి మాత్రం ఇవ్వకండి. చెక్కు తిరిగొస్తే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద అది క్రిమినల్ కేసు దాకా వెళ్తుంది. ఖాతాలో డబ్బు ఉంటుందని గట్టి నమ్మకం ఉంటేనే ఈ మాట రాయండి, లేకపోతే రాయకపోవడమే మంచిది.

నాలుగో పని: లెడ్జర్ తెప్పించుకోవడం

ఉత్తరం రాయడానికి వారం ముందు వాళ్ల గుమస్తాకి ఫోన్ చేసి "మా ఖాతా స్టేట్‌మెంట్ ఏడాదిది పంపండి, టాలీ చేసుకోవాలి" అనండి. మీ పుస్తకంతో పోల్చుకోండి. వెనక్కి పంపిన సరుకు తాలూకు క్రెడిట్ నోటు పడకపోవడం, రెండు మూడు వేల తేడా నిలిచిపోవడం మామూలే. వాటిని ముందే తేల్చుకోండి. లేకపోతే ఉత్తరం ఆయన చేతికి చేరగానే "ముందు ఆ పాత తేడా సంగతి చూడండి" అనే మాటతో విషయం పక్కదారి పడుతుంది.

తర్వాత ఏడాది బిల్లులు వరసగా రాసి, ప్రతిదానికి గడువు తేదీ, కట్టిన తేదీ పక్కన వేయండి. మన షాపులో 12 పెద్ద బిల్లుల్లో 10 గడువు లోపు కట్టారు. రెండు ఆలస్యమయ్యాయి, ఒకటి 6 రోజులు, ఒకటి 9 రోజులు. "ఎప్పుడూ సమయానికే కట్టాం" అని రాస్తే ఆయన దగ్గరా అదే లెడ్జర్ ఉంది, ఒక్క నిమిషంలో తేలిపోతుంది. ఆ రెండింటినీ మీరే రాసేయండి. అప్పుడు మిగతా పదింటినీ ఆయన నమ్ముతాడు. అయితే సగానికి సగం బిల్లులు ఆలస్యమైన ఖాతా అయితే ఈ ఉత్తరం ఇప్పుడే వద్దు. మూడు నాలుగు నెలలు వరసగా గడువుకి కట్టి, ఆ తర్వాత రాయండి.

45 రోజులు దాటకపోవడం ఎందుకంటే

ఎంఎస్ఎంఈడీ చట్టం, 2006 ప్రకారం సూక్ష్మ, చిన్న పరిశ్రమల నుంచి కొన్నవాళ్లు ఒప్పందంలో రాసుకున్న గడువులో డబ్బు కట్టాలి, ఆ గడువు సరుకు అందుకున్నప్పటి నుంచి 45 రోజులు మించకూడదు. రాతపూర్వక ఒప్పందమే లేకపోతే 15 రోజులు. 2023 బడ్జెట్‌లో ఆదాయపన్ను చట్టానికి 43బీ(హెచ్) చేర్చాక దీనికి పదును పెరిగింది. ఆ గడువు దాటి, ఆర్థిక సంవత్సరం ముగిసేదాకా కట్టని మొత్తాన్ని ఆ ఏడాది ఖర్చుగా చూపుకోవడానికి కుదరదు, కట్టిన ఏడాదిలోనే చూపుకోవాలి.

మీ హోల్‌సేలర్ కొని అమ్మే వ్యాపారి మాత్రమే అయితే ఇది వర్తించదు. 2021 జులై నుంచి వ్యాపారులకి కూడా ఉద్యం నమోదు ఇస్తున్నా, అది బ్యాంకుల ప్రాధాన్య రుణాల వరకే. కానీ నైటీలు, చుడీదార్లు, షర్టులు సొంతంగా కుట్టించి అమ్మే హోల్‌సేలర్లు చాలామందే ఉన్నారు. బిల్లు మీద ఉద్యం నంబర్ ఉంటే ఆయన తయారీదారా, వ్యాపారా అని అడిగి, మీ ఆడిటర్‌కి ఒకసారి చూపించండి. తయారీదారే అయితే 45 రోజులు రాతలో ఉండటం మీకే మంచిది. నోటిమాట మీద నడిస్తే లెక్క 15 రోజులకి పోతుంది.

ఇక తిరగరాద్దాం

పాత ఉత్తరంలో వాక్యం వాక్యం తీసుకుంటే ఎక్కడ ఏం మారాలో తెలుస్తుంది. "మా షాపు సంగతి మీకు తెలిసిందే" అన్నచోట కొనుగోలు, చెల్లింపుల అంకెలు రావాలి. ఆయనకి మీ ముఖం తెలుసు, మీ రికార్డు గుర్తుండకపోవచ్చు. "వ్యాపారాలు బాగోలేవు", "ఆన్‌లైన్ వచ్చాక" అన్నవి పూర్తిగా తీసేయాలి, వాటి స్థానంలో 48 రోజుల లెక్క. ఖాతా వాళ్ల మాట కూడా పోవాలి. "కొంచెం పెంచాలని" బదులు 45 రోజులు, ఏ తేదీ నుంచి, ఎంత వరకు. "కాదనరని ఆశిస్తున్నాం" అనేది మొహమాటంలో పెట్టే మాట, దానికి బదులు ఆరు నెలల ట్రయల్ ప్రతిపాదించండి. కాదనడానికి బదులు "చూద్దాం" అనే దారి ఆయనకి దొరుకుతుంది. "మీ మేలు మరచిపోము" బదులు మీరు ఇచ్చే హామీలు.

మర్యాద ఎక్కడా తగ్గకూడదు. నమస్కారం ఉండాలి, "గారు" ఉండాలి. ధీమా అంటే దబాయింపు కాదు. "వేరే హోల్‌సేలర్లు 60 రోజులు ఇస్తున్నారు" అని రాయాలనిపిస్తుంది, రాయకండి. "అయితే అక్కడే కొనుక్కోండి" అన్నది సిద్ధంగా ఉన్న జవాబు.

షాపు లెటర్‌హెడ్ మీద, జీఎస్టీ నంబరుతో, ఒక్క పేజీలో ఇలా:

> తేదీ: జూన్ 20
>
> గౌరవనీయులైన యజమాని గారికి,
> నమస్కారం.
>
> విషయం: జులై 1 నుంచి వేసే బిల్లులకు గడువు 45 రోజులుగా మార్చడం గురించి.
>
> గత ఏడాదిగా మీ దగ్గర నెలకు సగటున 3 లక్షల రూపాయల సరుకు తీసుకుంటున్నాం. ఈ కాలంలో 12 పెద్ద బిల్లుల్లో 10 గడువు లోపు చెల్లించాం. రెండు మాత్రం 6, 9 రోజులు ఆలస్యమయ్యాయి. ఈ రోజుకి గడువు దాటిన బాకీ ఏమీ లేదు. బిల్లుల వారీ జాబితా జతచేశాం.
>
> మీ సరుకు మా షాపులో అమ్ముడవడానికి సగటున 48 రోజులు పడుతోంది. ఇప్పటి గడువు 30 రోజులు. మధ్య తేడాకి మా పెట్టుబడి నిలిచిపోతున్నందువల్ల మీ దగ్గర తీసుకోగలిగినంత సరుకు తీసుకోలేకపోతున్నాం. గడువు బిల్లు తేదీ నుంచి 45 రోజులు అయితే శ్రావణం నుంచి నెలకు మరో 50 వేల సరుకు తీసుకోగలం.
>
> మా వైపు నుంచి:
> నెలకు 3 లక్షల వరకే ఈ గడువు వాడుకుంటాం. అంతకు మించి తీసుకున్న సరుకుకి బిల్లు రోజే చెల్లిస్తాం. మా ఖాతాలో సగటు బాకీ నాలుగున్నర లక్షలు దాటదు.
> నెలలో పెద్ద బిల్లు 5వ తేదీ లోపే తీసుకుంటాం. మీ జీఎస్టీ గడువుకల్లా మా చెల్లింపు అందుతుంది.
> చెల్లింపు 45వ రోజున ఆర్టీజీఎస్ ద్వారా పంపుతాం. ఆలస్యమైతే మీ బిల్లు మీద ఉన్న వడ్డీ మేమే కలిపి కడతాం.
>
> దీన్ని డిసెంబర్ 31 వరకు ట్రయల్‌గా చూడమని కోరుతున్నాం. ఈ ఆరు నెలల్లో ఏ ఒక్క బిల్లు గడువు దాటినా పాత 30 రోజులకే తిరిగి వస్తాం. జనవరిలో లెడ్జర్ చూసి కొనసాగించాలా వద్దా మీరే నిర్ణయించండి.
>
> వచ్చే వారం సరుకు చూడటానికి వస్తున్నాం. అప్పుడు కలిసి మాట్లాడతాం.
>
> ఇట్లు,
> (సంతకం, పేరు, షాపు ముద్ర)

"పెట్టుబడి నిలిచిపోతున్నందువల్ల సరుకు తీసుకోలేకపోతున్నాం" అన్న వాక్యం చూడండి. పాత ఉత్తరంలోని ఇబ్బందే ఇదీ. కాకపోతే ఇప్పుడు అది ఆయనకి రాకుండా పోతున్న అమ్మకంగా కనిపిస్తోంది.

పంపడం, బేరం

తేదీ ఊరికే వేయలేదు. ఆషాఢం ముందు పాత బిల్లు కట్టేసి, ఆ డబ్బు ఆయన ఖాతాలో పడిన రెండు మూడు రోజుల్లో పంపాలి. శ్రావణం రద్దీలోనో దసరా ముందో పంపితే కొట్లో నగదు పార్టీలు వరసలో ఉంటారు, మీ కాగితం చదివే తీరిక ఉండదు. ముందు ఫోన్‌లో "ఒక ఉత్తరం పంపుతున్నాను, చూడండి" అని చెప్పి, వాట్సాప్‌లో పీడీఎఫ్ పంపండి. కాగితం మాత్రం స్వయంగా వెళ్లినప్పుడు చేతికివ్వండి. మధ్యలో ఏజెంట్ ఉంటే ఆయనకి ముందే చెప్పడం పద్ధతి. మీ గురించి హోల్‌సేలర్ మొదట అడిగేది ఆయన్నే.

సాధారణంగా వచ్చే జవాబు "45 కాదు, 40 చేద్దాం". తీసుకోండి. 10 రోజులు పెరిగినా మీ చేతికి లక్ష వస్తుంది. కాకపోతే అప్పుడు అదనపు కొనుగోలు మాట కూడా 50 వేల నుంచి 30 వేలకి దించి చెప్పండి, ఇచ్చిన హామీ నిలబెట్టుకోగలిగేదిగా ఉండాలి. "పండగ సీజన్ వరకే ఇస్తా" అన్నా మంచిదే, మీ నిల్వ ఎక్కువ ఉండేదీ అప్పుడే.

ఒప్పుకున్నాక "సరే" అన్న మాటతో వదిలేయొద్దు. "మీరు ఒప్పుకున్నట్టు జులై 1 నుంచి 45 రోజులు, సగటు బాకీ పరిమితి నాలుగున్నర లక్షలు" అని అదే రోజు వాట్సాప్‌లో పెట్టి, ఆయన నుంచి ఒక ఓకే తీసుకోండి. వాళ్ల గుమస్తా కంప్యూటర్‌లో మీ ఖాతాకి క్రెడిట్ రోజులు మార్చాడో లేదో అడగండి. అది మారకపోతే 31వ రోజు నుంచే మీ పేరు బాకీల జాబితాలోకి ఎక్కుతుంది, వసూలుకి ఫోన్లు మొదలవుతాయి. మొదటి కొత్త బిల్లు రాగానే గడువు తేదీ దగ్గర ఏం ముద్రించి ఉందో చూసుకుని, 30 అనే ఉంటే ఆ రోజే ఫోన్ చేసి మార్పించుకోండి.